వంద షేర్ల కాగితం ఎక్కడుంది?

పోయిన షేర్ సర్టిఫికెట్‌కు బదులు కొత్తది పుట్టించి, దాన్ని డీమ్యాట్ ఖాతాలోకి చేర్చేదాకా పటాన్‌చెరు బెల్టులోని ఒక ఇంటి వెంట నడిచిన కథనం

లింగంపల్లి దాటి ముంబయి హైవే పట్టుకుంటే ముందు బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్, తర్వాత రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది. ఆ పైన సంగారెడ్డి, ఇంకా ముందుకు పోతే సదాశివపేట. దారి పొడవునా గేట్ల మీద కనిపించే పేర్లలో చాలావాటికి స్టాక్ మార్కెట్లో కూడా చోటుంది. పటాన్‌చెరులో ఏషియన్ పెయింట్స్ రంగుల ఫ్యాక్టరీ, సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్లు, పాశమైలారం, బొల్లారం వైపు అరబిందో యూనిట్లు. 1984లో పుట్టిన డాక్టర్ రెడ్డీస్ తొలి అడుగులు వేసింది కూడా బొల్లారంలోనే. రెండేళ్లకే, 1986లో ఆ కంపెనీ పబ్లిక్ ఇష్యూకు వచ్చింది.

అప్పట్లో షేరంటే కాగితమే. కంపెనీ ముద్ర, ఇద్దరు డైరెక్టర్ల సంతకాలు, ఫోలియో నంబరు, సర్టిఫికెట్ నంబరు, ఏ అంకె నుంచి ఏ అంకె దాకా షేర్లో తెలిపే డిస్టింక్టివ్ నంబర్లు. దాన్ని ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం పక్కన, పెళ్లి శుభలేఖల కింద, బీరువా లాకరులో దాచారు. కొందరైతే అంత బాగా దాచారంటే, ఎక్కడ దాచారో వాళ్లకే గుర్తులేదు.

ఈ బెల్టులో అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. ఇందులో మనుషులు ఉదాహరణ కోసం తీసుకున్నవాళ్లే గాని, కంపెనీ, తేదీలు, నిబంధనలు మాత్రం నిజమైనవి. ఇంటాయన బీహెచ్ఈఎల్‌లో చేసి రిటైరయ్యారు. పక్క ఊళ్లో మందుల కంపెనీ పైకొస్తోందని తోటి ఉద్యోగులు చెబితే డాక్టర్ రెడ్డీస్ షేర్లు వంద కొన్నారు. ఫోలియోలో మొదటి పేరు ఆయనది, రెండో పేరు భార్యది. క్వార్టరు ఖాళీ చేసి సొంతింటికి మారినప్పుడు సామాను మూడు విడతలుగా వెళ్లింది. పత్రాలున్న సంచీ ఏ విడతలో పోయిందో ఎవరికీ తెలియదు. 2023 చివర్లో కొడుకు అడిగాడు: "నాన్నా, ఆ వంద షేర్లు ఏమయినై?"

వంద కాదు, నాలుగువందలు

కొడుకు ప్రశ్నలోనే మొదటి పొరపాటుంది. షేర్ల సంఖ్య కాగితం మీద అచ్చయినట్టే ఉండిపోదు. డాక్టర్ రెడ్డీస్ 2001లో పది రూపాయల ముఖవిలువ షేరును ఐదు రూపాయల షేర్లుగా విడగొట్టింది. వంద రెండువందలైంది. 2006లో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. రెండువందలు నాలుగువందలయ్యాయి. 2023 చివర్లో ఒక్కో షేరు 5,500 రూపాయలకు అటూ ఇటూ ఉంది. అంటే ఇంటాయన దృష్టిలో 'ఆ కాస్త కాగితం' అప్పటికి సుమారు 22 లక్షల రూపాయల ఆస్తి.

ఇక్కడ తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. పోయినది ఒక కాగితం కాదు. షేర్లను విడగొట్టినప్పుడు కొన్ని కంపెనీలు పాత పత్రం వెనక్కి పంపితేనే కొత్తది ఇస్తాయి. కొన్ని పాతది రద్దయినట్టు ప్రకటించి కొత్తదాన్ని నేరుగా పోస్టులో పంపుతాయి. బోనస్ షేర్లకు వేరే పత్రం వస్తుంది. కాబట్టి ఒక్కో ఇంట్లో ఒకే ఫోలియో కింద రెండు మూడు సర్టిఫికెట్లు ఉండాలి. వాటిలో ఒకటి బీరువాలో దొరికిందని సంబరపడితే అది ఎప్పుడో రద్దయిన పాత పత్రం కావచ్చు. చెల్లే పత్రాలు పాత చిరునామాకు వెళ్లి, తీసుకునేవాళ్లు లేక తిరిగి కంపెనీకే చేరి ఉండొచ్చు. అలా తిరిగొచ్చినవి ఉంటే అసలు పోయినట్టే కాదు, డూప్లికేట్ గొడవే అక్కర్లేదు. అందుకే పోలీస్ స్టేషన్‌కు వెళ్లే ముందు అడగాల్సింది రిజిస్ట్రార్‌ను.

రిజిస్ట్రార్ అంటే ఇక్కడ భూముల రిజిస్ట్రారు కాదు. కంపెనీ తరఫున వాటాదారుల పుస్తకం రాసే సంస్థ. ఈ విషయంలో మన ప్రాంతం వాళ్లకు ఒక వెసులుబాటుంది. దేశంలోనే పెద్ద రిజిస్ట్రార్లలో ఒకటైన కేఫిన్ టెక్నాలజీస్ ఉన్నది హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో. ఒకప్పటి కార్వీ రిజిస్ట్రార్ వ్యాపారమే ఇప్పుడు ఆ పేరుతో నడుస్తోంది. డాక్టర్ రెడ్డీస్ వాటాదారుల పుస్తకం చూసే బిగ్‌షేర్ సర్వీసెస్‌కు కూడా నగరంలో ఆఫీసుంది. ఏ కంపెనీకి ఎవరు రిజిస్ట్రారో ఆ కంపెనీ వార్షిక నివేదికలోనూ, వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ల పేజీలోనూ రాసి ఉంటుంది.

కాగితం లేదు, ఫోలియో నంబరు గుర్తులేదు. మరి ఏమని అడగాలి? పాత బ్యాంకు పాసుపుస్తకాలు తిరగేస్తే డివిడెండ్ జమ అయిన పద్దులు కనిపిస్తాయి. డివిడెండ్ వారంటుతో పాటు వచ్చిన చీటీ మీద, వార్షిక నివేదిక వచ్చిన కవరుకు అంటించిన చిరునామా మీద ఫోలియో నంబరు ఉంటుంది. పాత కవర్లను రద్దీవాడికి వేయని ఇంటికి ఇది పెద్ద అదృష్టం. అవీ లేకపోతే పేరు, పాత చిరునామా, సంతకంతో రిజిస్ట్రారుకు రాయొచ్చు. సంతకం, చిరునామా తమ రికార్డుతో కలిస్తే ఫోలియో, సర్టిఫికెట్, డిస్టింక్టివ్ నంబర్లను రిజిస్ట్రారే ఇవ్వాలని సెబీ 2022 మే నెల సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది.

పేరులో ఇంటిపేరు, ఊరిలో జిల్లా

'సంతకం, చిరునామా కలిస్తే' అన్న ఆ చిన్న షరతు దగ్గరే మన ఇళ్లలో ఎక్కువ కాలం గడుస్తుంది.

ఇంటాయన షేర్లు కొన్నప్పుడు చిరునామా 'మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్'. ఆధార్‌లో ఇప్పుడున్నది 'సంగారెడ్డి జిల్లా, తెలంగాణ'. మనిషి మారలేదు. 2014లో రాష్ట్రం మారింది, 2016 అక్టోబరు 11న జిల్లా మారింది, క్వార్టరు నుంచి సొంతింటికి మారడంతో వీధీ మారింది. కంప్యూటర్ ముందు కూర్చున్న గుమస్తాకు ఇవన్నీ వేర్వేరు చిరునామాలే. పాత చిరునామాకు రుజువుగా పాత రేషన్ కార్డో, ఉద్యోగం చేసిన సంస్థ ఇచ్చిన క్వార్టర్ కేటాయింపు ఉత్తరమో, అప్పటి పాసుపుస్తకం మొదటి పేజీనో చూపగలిగితే ఆ చిక్కు విడిపోతుంది.

పేరు సంగతి ఇంకా సున్నితం. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుంది, షేర్ పత్రం మీద అది ఒక అక్షరంగా కుదించుకుపోతుంది. పాన్ కార్డులో అదే ఇంటిపేరు పూర్తిగా విచ్చుకుని చాలాసార్లు చివరికి వెళ్తుంది. ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు పుట్టింటి పేరు, తర్వాత అత్తింటి పేరు. పొడి అక్షరాలు విప్పి రాసినంత తేడాను, సంతకం కలిస్తే డీమ్యాట్ సమయంలో సాధారణంగా ఒప్పుకుంటారు. అసలు పేరే వేరుగా కనిపిస్తే మాత్రం ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్టు, దాన్ని బలపరిచే గుర్తింపు పత్రం కావాలి. పెళ్లితో పేరు మారినట్టయితే వివాహ ధ్రువీకరణ పత్రం.

మూడోది సంతకం. నలభై ఏళ్ల వయసులో చకచకా గీసిన సంతకానికీ, డెబ్బై ఎనిమిదో ఏట వణికే వేళ్లతో పెట్టిన సంతకానికీ పోలిక ఎక్కడుంటుంది? దీనికోసమే ఐఎస్ఆర్-2 అనే ఫారం ఉంది. ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు ఎదుట ఇప్పటి సంతకం పెడితే, ఆయన తన పేరు, ఉద్యోగి నంబరు, బ్యాంకు ముద్ర వేసి ధ్రువీకరిస్తారు. ఇంటాయన, భార్య ఇద్దరూ విడివిడిగా చేయించాలి. దాంతోపాటు ఐఎస్ఆర్-1 ఫారంలో పాన్, చిరునామా, ఫోను, బ్యాంకు వివరాలు, పేరు అచ్చయిన రద్దు చెక్కు. నామినీ కోసం ఎస్‌హెచ్-13. ఈ మూడింటినీ డూప్లికేట్ దరఖాస్తుకు ముందో, దాంతోపాటో ఇవ్వాలి. వీటిలో పాన్, సంతకం, బ్యాంకు వివరాల వంటి కేవైసీ లేని ఫోలియోలకు 2024 ఏప్రిల్ 1 నుంచి డివిడెండ్ కూడా ఆగుతుంది. వివరాలు సరిచేశాకే, అదీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది.

ఠాణా, నోటరీ, పత్రిక

రిజిస్ట్రార్ జవాబు వచ్చింది. ఫోలియోలో నాలుగువందల షేర్లున్నాయి, పత్రాలు రెండు, ఏదీ తిరిగి రాలేదు. ఇప్పుడు అవి పోయినట్టు లెక్క.

పోలీస్ స్టేషన్‌లో 'కాగితాలు పోయినయ్' అంటే చాలామందికి ఎదురయ్యే మొదటి అడ్డంకి ఎఫ్ఐఆర్. దొంగతనం జరిగిందని తెలియదు, నిందితుడు లేడు, మరి ఏ సెక్షను కింద కడతారు? ఆ ఒక్క కాగితం కోసం నెలల తరబడి తిరిగినవాళ్లున్నారు. 2022 సర్క్యులర్ ఇక్కడ కొంత ఊపిరినిచ్చింది. ఎఫ్ఐఆర్ గాని, ఇ-ఎఫ్ఐఆర్ గాని, పోలీసు ఫిర్యాదు గాని, కోర్టు ఉత్తర్వు గాని ఏదైనా సరేనంది. అయితే ఆ కాగితంలో ఫోలియో, సర్టిఫికెట్, డిస్టింక్టివ్ నంబర్లు, షేర్ల సంఖ్య రాసి ఉండాలి. 'నా షేర్ పేపర్లు పోయినవి' అని మాత్రమే రాసిన ఫిర్యాదు రిజిస్ట్రార్ దగ్గర నిలబడదు. రిజిస్ట్రార్ ఇచ్చిన ఉత్తరం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూసి రాయాల్సింది అందుకే. ఫిర్యాదు ముట్టినట్టు స్టేషన్ ముద్రతో ప్రతి తీసుకోవడం మరవకూడదు.

తర్వాత నోటరీ. పత్రాలు పోయాయని, వాటిని ఎవరికీ అమ్మలేదని, తాకట్టు పెట్టలేదని ప్రమాణపత్రం. రేపు ఇంకెవరైనా ఆ పత్రాలతో వచ్చి కంపెనీకి నష్టం కలిగితే తాము భరిస్తామని పూచీపత్రం. రెండూ తగిన స్టాంపు పేపరు మీద రాయాలి. ఇద్దరు వాటాదారులున్నప్పుడు ఇద్దరూ సంతకం చేయాలి. ఒకప్పుడు దీనికి తోడు ఆస్తి ఉన్న జామీనుదారును తెమ్మనేవారు. పాతికేళ్ల కింద రిటైరైన మనిషి ఎవరి గడప తొక్కి జామీను అడుగుతాడు? ఆ షరతును సెబీ తీసేసింది. ఇప్పటికీ ఎవరైనా జామీను కావాలంటే ఆ సర్క్యులర్ చూపించొచ్చు.

పత్రిక ప్రకటన మూడోది. షేర్ సర్టిఫికెట్లు పోయాయి, అభ్యంతరాలుంటే తెలపండంటూ చిన్న అక్షరాల్లో వచ్చే నోటీసులను ఎవరూ చదవరనుకుంటాం గాని, డూప్లికేటుకు అదే కంచె. పాత పత్రాన్ని నిజంగా కొన్న మనిషో, తాకట్టు తీసుకున్న మనిషో ఉంటే బయటికి రావడానికి అదే అవకాశం. ఈ ప్రకటన విస్తృత ప్రచారమున్న పత్రికలో రావాలి.

విలువ తక్కువైతే ఠాణా, ప్రకటన రెండూ తప్పుతాయి. 2022లో ఆ గీతను 5 లక్షల దగ్గర గీశారు. అంతకు లోబడిన షేర్లకు అఫిడవిట్టు, పూచీపత్రం చాలు. కానీ సదాశివపేట వాళ్లకు ఆ గీత ఎంత ఇరుకో చెప్పాలంటే ఎంఆర్ఎఫ్ షేరు చూడాలి. 2023 జూన్ 13న ఒక్క షేరు లక్ష రూపాయలు దాటింది. ఆ ధరకు ఆరు షేర్లున్న మనిషి కూడా 5 లక్షల గీతకు అవతలే. ఆరు షేర్లు! ఫ్యాక్టరీ పెట్టిన తొలినాళ్లలో ఆ షేరు కొన్నవాళ్లకు అదంతా సరదా సొమ్ము. 2025 డిసెంబరులో సెబీ ఆ పరిమితిని 10 లక్షలకు పెంచింది. మన ఇంటి 22 లక్షలకు మాత్రం ఎలా చూసినా పూర్తి తతంగం తప్పదు.

చేతికొచ్చేది సర్టిఫికెట్ కాదు

అన్నీ జతచేసి ఐఎస్ఆర్-4 ఫారంతో రిజిస్ట్రారుకు పంపితే, కాగితాలు సక్రమంగా ఉన్నప్పుడు 30 రోజుల్లో పని పూర్తి చేయాలన్నది నియమం. లోటుపాట్లుంటే ఒక్కసారే అన్నీ చెప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి రాస్తూ పోవడం వాటాదారులను వేధించే అలవాటు. ఉత్తరం వచ్చిన ప్రతిసారీ 'ఇవి కాక ఇంకేమైనా కావాలా, అన్నీ ఒకేసారి తెలపండి' అని లిఖితపూర్వకంగా అడగడం మేలు.

చివరికి ఇంటికి వచ్చింది ముద్ర ఉన్న కొత్త సర్టిఫికెట్ కాదు. 2022 జనవరి 25 నుంచి డూప్లికేటుకైనా, వారసత్వ మార్పిడికైనా, పత్రాల విభజనకైనా షేర్లను డీమ్యాట్‌గానే ఇవ్వాలని సెబీ ఆదేశించింది. అందుకే మన ఇంటాయనకు 2024 మొదట్లో అందింది ధ్రువీకరణ లేఖ. అప్పటి నిబంధన ప్రకారం దాని ఆయుష్షు 120 రోజులు. ఆలోగా దాన్ని డీమ్యాట్ దరఖాస్తు ఫారంతో కలిపి ఖాతా ఉన్న డిపాజిటరీ పార్టిసిపెంటుకు, అంటే బ్యాంకుకో బ్రోకరుకో ఇవ్వాల్సి ఉండేది. గడువు దాటితే షేర్లు కంపెనీ తెరిచిన సస్పెన్స్ ఎస్క్రో ఖాతాలోకి పోయేవి. అక్కణ్నుంచి తెచ్చుకోవడానికి మళ్లీ దరఖాస్తు.

లేఖను పవిత్రంగా బీరువాలో పెట్టి, 'పండగకు అబ్బాయి వచ్చాక చూద్దాం' అనుకున్న ఇళ్లలో ఈ 120 రోజులూ తెలియకుండానే కరిగిపోయేవి. పైగా చాలామందికి అప్పటికి డీమ్యాట్ ఖాతా కూడా ఉండదు. నిజానికి ఖాతా తెరవడం మొదటి రోజు పని. దాని వివరాల పత్రాన్ని ఐఎస్ఆర్-4తోనే జతచేయాలి.

ఖాతా తెరిచేటప్పుడు చేసే పొరపాటొకటుంది. కొడుకు తన ఫోనులో పది నిమిషాల్లో తన పేరుతో ఖాతా తెరిచి 'ఇందులోకి వేయించుకుందాం' అంటాడు. కుదరదు. ఫోలియోలో ఎవరి పేర్లు, ఏ వరసలో ఉన్నాయో డీమ్యాట్ ఖాతాలోనూ అవే పేర్లు, అదే వరస ఉండాలి. తండ్రి మొదటి పేరు, తల్లి రెండో పేరుగా ఉమ్మడి ఖాతా తెరవాలి. ఫోనులో చిటికెలో తెరుచుకునేవి చాలావరకు ఒంటి పేరు ఖాతాలు. ఉమ్మడి ఖాతాకు చాలాచోట్ల కాగితం ఫారమే నింపాలి. పేర్లున్నా వరస తిరగబడి ఉంటే దాన్ని సరిచేసే వేరే ఫారంతో కలిపి డీమ్యాట్ చేయించవచ్చు. షేర్లు ఖాతాలోకి వచ్చాక తండ్రి కొడుక్కి ఇవ్వదలిస్తే అది రెండు ఖాతాల మధ్య పని, సులువుగా అవుతుంది.

అసలు కాగితమే ఉన్నవాళ్లకైతే ఇంత దూరం ప్రయాణం లేదు. కేవైసీ సరిచేసి, సర్టిఫికెట్ మీద డీమ్యాట్ కోసం సమర్పించినట్టు రాసి, ఫారంతో పార్టిసిపెంటుకు ఇస్తే వాళ్లు ఒక నంబరు పుట్టించి రిజిస్ట్రారుకు పంపుతారు. అక్కడ సంతకం సరిచూసి ఖాతాలో జమ చేస్తారు. ఆ నంబరు రాసుకున్నవాళ్లకు తమ పత్రాలు ఎవరి బల్ల మీద ఆగాయో అడిగే వీలుంటుంది.

ఆయన లేకపోతే

మన ఉదాహరణలో ఇద్దరు వాటాదారులూ బతికున్నారు. మొదటి వాటాదారు పోయి రెండో వాటాదారు ఉన్నప్పుడు మరణ ధ్రువీకరణ పత్రంతో షేర్లు బతికున్నవారి పేరుకు వస్తాయి. నామినీ ఉంటే దారి సుగమం. ఒంటి పేరు, నామినీ లేరు, పత్రమూ లేదు అన్నప్పుడే కథ ముదురుతుంది. 2022 నిబంధనల ప్రకారం కాగితం షేర్ల విలువ 5 లక్షల లోపయితే మిగతా వారసుల నిరభ్యంతర పత్రం, పూచీపత్రంతో సరిపెట్టవచ్చు. అంతకు మించితే కోర్టు ఇచ్చే వారసత్వ పత్రమో, వీలునామాయో, తహసీల్దారు ఇచ్చే చట్టబద్ధ వారసుల పత్రం వంటిదో కావాలి. అమెరికాలో ఉన్న చెల్లెలు, దుబాయ్‌లో ఉన్న తమ్ముడు సంతకం చేసి పంపిన కాగితాలకు అక్కడి నోటరీ, రాయబార కార్యాలయ ధ్రువీకరణ తోడవుతుంది. వారసుల మధ్య మాట పట్టింపులుంటే ఆ షేర్లు ఏళ్లకేళ్లు అక్కడే.

ఇంకో మలుపుంది. డివిడెండును వరసగా ఏడేళ్లు ఎవరూ తీసుకోకపోతే, కంపెనీల చట్టం 124వ సెక్షను ప్రకారం ఆ షేర్లే కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు, అందరూ ఐఈపీఎఫ్ అనే నిధికి వెళ్తాయి. ఇందుకు సంబంధించిన నియమాలు 2016 సెప్టెంబరు 7 నుంచి అమల్లోకి వచ్చాయి. షేర్లు అటు వెళ్లిన క్షణం నుంచి ఇంట్లో ఉన్న అసలు పత్రం రద్దయినట్టే. అంటే పత్రం భద్రంగా ఉన్నా అది వట్టి కాగితమే. ఆ నిధి వెబ్‌సైట్‌లో పేరు పెట్టి వెతకొచ్చు. కనిపిస్తే కంపెనీ నుంచి అర్హత లేఖ తీసుకుని, ఐఈపీఎఫ్-5 ఫారం ఆన్‌లైన్‌లో నింపి, కాగితాలను కంపెనీ నోడల్ అధికారికి పంపాలి. ఆయన ధ్రువీకరించాక షేర్లు దరఖాస్తుదారు డీమ్యాట్ ఖాతాకు వస్తాయి. దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము లేదు. వసూలు చేసేది మధ్యవర్తులు.

నిద్రపోతున్న ఫోలియో మీద కన్ను

ఈ మధ్యవర్తుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 'మీ నాన్నగారి పేరిట షేర్లున్నాయి, మేం తెచ్చిపెడతాం' అంటూ ఫోను వస్తే, ఆ సమాచారం వాళ్లకు ఎలా తెలిసిందని అడగడం ఇంటివాళ్ల హక్కు. చాలావరకు కంపెనీలే ప్రచురించే అనాథ డివిడెండ్ల జాబితాల్లోంచే తెలుస్తుంది. సహాయం తీసుకోవడం తప్పు కాదు. ఖాళీ ఫారాల మీద సంతకాలు, ఆధార్ ఓటీపీలు, మధ్యవర్తి చెప్పిన చోట తెరిచిన డీమ్యాట్ ఖాతా, ఈ మూడూ మాత్రం ఇవ్వకూడదు.

కాగితం పోతే దొంగ అమ్ముకుంటాడన్న పాత భయం ఇప్పుడు చాలావరకు లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి లిస్టయిన కంపెనీల షేర్లను కాగితం రూపంలో కొత్తగా చేతులు మార్చడం నిలిచిపోయింది. ఇప్పుడున్న ప్రమాదం వేరు. యజమాని ఏళ్ల తరబడి పలకని ఫోలియో దొరికితే, అతని వేషంలో ఇంకొకరు డూప్లికేటుకు దరఖాస్తు పెట్టడం.

అది ఊహ కాదు. 2016 మార్చిలో సెబీ ముంబయికి చెందిన షేర్‌ప్రో సర్వీసెస్ అనే రిజిస్ట్రార్ మీద ఉత్తర్వు ఇచ్చింది. పలకరించేవాళ్లు లేని వాటాదారుల షేర్లను, డివిడెండ్లను ఆ సంస్థలోని వాళ్లే తమకు కావలసినవాళ్ల పేర్లకు మళ్లించారన్నది అందులోని ఆరోపణ. ఆ రిజిస్ట్రార్ పుస్తకాలు రాసిన కంపెనీల్లో ఏషియన్ పెయింట్స్ కూడా ఒకటి, పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉన్న అదే కంపెనీ. ఆ తర్వాత రిజిస్ట్రార్ల రికార్డుల మీద తనిఖీలు బిగిశాయి. ఐఎస్ఆర్-2 మీద బ్యాంకు ముద్ర ఎందుకని విసుక్కునే ముందు ఈ సంగతి గుర్తుచేసుకుంటే, ఆ విసుగు కొంత తగ్గుతుంది.

తెచ్చుకోలేనివి

కొన్ని పత్రాలకు ఈ దారి కూడా లేదు. తొంభైలలో హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీలో బ్రోకరు దగ్గర కొని, అమ్మినవాడు సంతకం చేసిన బదిలీ ఫారాన్ని పత్రానికి గుచ్చి అలాగే ఉంచేసినవాళ్లున్నారు. కంపెనీ పుస్తకంలో ఇప్పటికీ యజమాని ఆ అమ్మినవాడే. 1943లో మొదలైన ఆ ఎక్స్ఛేంజీ గుర్తింపే 2007లో రద్దయింది. ఆ బ్రోకరు ఎక్కడున్నాడో తెలియదు. 2019కి ముందే బదిలీకి పంపి, లోపాలతో తిరిగొచ్చిన పత్రాల కోసం సెబీ 2025 జులై 7 నుంచి ఆరు నెలలు ప్రత్యేక గడువు తెరిచింది. ఇలాంటి గడువుల సంగతి కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, పత్రికా ప్రకటనల్లోనూ వస్తుంది. కానీ అవి అసలు పత్రం చేతిలో ఉన్నవారికే. అలా కొన్న పత్రం పోతే, పుస్తకంలో పేరు లేని మనిషి డూప్లికేట్ అడగలేడు.

ఇంకొన్ని పత్రాలు అసలు కంపెనీయే లేనివి. తొంభైల పబ్లిక్ ఇష్యూల జోరులో పుట్టి, మూతపడి, రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ జాబితా నుంచి పేరు కొట్టేసిన సంస్థల షేర్లను డీమ్యాట్ చేసేవారుండరు. పత్రం మీదున్న పేరును కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే కంపెనీ బతికుందా, ఇంకో దానిలో కలిసిందా, పేరు మార్చుకుందా తెలుస్తుంది. కలిసిపోయినదైతే ఆశ ఉంది. చెమినార్ డ్రగ్స్ పేరున్న పాత పత్రం దొరికిన ఇల్లు దాన్ని పారేయకూడదు. ఆ కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌లో కలిసింది, అప్పటి వాటాదారులకు డాక్టర్ రెడ్డీస్ షేర్లు వచ్చాయి.

మన ఇంటి దగ్గరికి తిరిగొద్దాం. 2024 వేసవిలో ఉమ్మడి ఖాతాలో నాలుగువందల షేర్లు జమయ్యాయి. అదే ఏడాది అక్టోబరు 28 రికార్డు తేదీగా డాక్టర్ రెడ్డీస్ ఐదు రూపాయల షేరును రూపాయి షేర్లుగా విడగొట్టింది. ఈసారి పోస్టుమ్యాన్ కోసం ఎదురుచూడలేదు, పాత చిరునామా బెంగ లేదు. ఖాతాలో నాలుగువందల చోట రెండువేలు కనిపించాయి.

ఆ సంక్రాంతికి ఇల్లు సున్నం వేయించబోయి మంచం కింది ట్రంకుపెట్టె జరిపితే, అడుగున పరిచిన పాత వార్తాపత్రిక కింద రెండు సర్టిఫికెట్లు దొరికాయి. అంచులు చెదలు తిన్నాయి, నంబర్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఇంటాయన వాటిని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశారు. దొరికితే అప్పగిస్తామని పూచీపత్రంలో ఇద్దరూ సంతకం చేసి ఉన్నారు. కొడుకు వాటిని కవరులో పెట్టి, రద్దు చేసుకోమని ఉత్తరం జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో రిజిస్ట్రారుకు పంపాడు.